పావు వంతు వేగం పెరిగితే ప్రయాణం ఎంత తగ్గుతుంది?

రైల్వే, బ్యాంకు, గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు బాగా అలవాటైన లెక్క ఒకటుంది. ఒకతను రోజూ వెళ్లే వేగం కన్నా 25 శాతం ఎక్కువ వేగంతో ఆఫీసుకు వెళ్లాడు. 12 నిమిషాలు ముందే చేరాడు. మరి రోజూ అతనికి పట్టే సమయం ఎంత? కింద ఇచ్చే నాలుగు జవాబుల్లో 48 నిమిషాలు ఒకటి, 60 నిమిషాలు ఒకటి ఉంటాయి. 25 శాతం అంటే పావు వంతు, పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది అనుకుని చాలామంది 48 దగ్గర టిక్కు పెట్టేస్తారు. సరైన జవాబు 60. ఆ 48 అతనికి రోజూ పట్టే సమయం కాదు, వేగంగా వెళ్లిన రోజున పట్టిన సమయం.

ఈ పొరపాటు పరీక్ష హాలు దాటి రోడ్డు మీదికీ వస్తుంది. హైవే మీద వేగ పరిమితి పెరిగిందని వార్త వచ్చినా, రైళ్ల గరిష్ఠ వేగం పెంచారని ప్రకటన వచ్చినా, ఎంత శాతం వేగం పెరిగిందో అంత శాతం సమయం తగ్గుతుందని లెక్క వేసుకుంటాం. వేగం పావు వంతు పెరిగితే సమయం తగ్గేది ఐదో వంతు మాత్రమే. అదీ ప్రయాణం మొత్తం ఒకే వేగంతో సాగినప్పుడు. అసలు రోడ్డు మీద, అసలు పట్టాల మీద అందులో సగం మిగిలినా గొప్పే.

పావు వంతు ఎక్కడికి పోయింది?

100 కిలోమీటర్ల దూరం తీసుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 75 నిమిషాలు పడుతుంది. 100 వేగంతో వెళ్తే సరిగ్గా గంట. వేగం 80 నుంచి 100కు పెరిగింది, అంటే 20 ఎక్కువైంది. ఆ 20 అనేది 80లో పావు వంతు, 25 శాతం. సమయం 75 నుంచి 60కి తగ్గింది, అంటే 15 నిమిషాలు కలిసొచ్చాయి. ఆ 15 అనేది 75లో ఐదో వంతు, 20 శాతం.

దూరం మారదు కాబట్టి వేగాన్ని సమయంతో గుణిస్తే ఎప్పుడూ అదే దూరం రావాలి. వేగం నాలుగు భాగాల నుంచి ఐదు భాగాలైతే, సమయం ఐదు భాగాల నుంచి నాలుగు భాగాలు కావాల్సిందే. రెండు వైపులా మారింది ఒక్క భాగమే. వేగం వైపు అది నాలుగింటిలో ఒకటి, సమయం వైపు ఐదింటిలో ఒకటి. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో విలోమానుపాతం పేరుతో చదువుకున్న పాఠం ఇదే.

ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. కలిసొచ్చిన 15 నిమిషాలను కొత్త సమయమైన 60 నిమిషాలతో పోల్చితే అది పావు వంతే. ఆశించిన పావు వంతు మాయమైపోలేదు, కొత్త సమయంలో పావు వంతుగా ఉంది. కానీ ఆదా ఎంతో చెప్పేటప్పుడు మనం పాత సమయంతోనే పోలుస్తాం. పాత సమయం పెద్దది కాబట్టి అదే 15 నిమిషాలు 20 శాతంగా కనిపిస్తాయి.

మిగతా శాతాలదీ ఇదే దారి. వేగం 10 శాతం పెరిగితే సమయం 9 శాతం చిల్లర తగ్గుతుంది. 50 శాతం పెరిగితే మూడో వంతు తగ్గుతుంది. వేగం రెట్టింపైతే సమయం సగమవుతుంది. పెరుగుదల చిన్నదిగా ఉన్నంతవరకు రెండు శాతాలూ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. పెద్దదయ్యేకొద్దీ వాటి మధ్య దూరం పెరుగుతుంది. సమయం నిజంగా పావు వంతు తగ్గాలంటే వేగం మూడో వంతు పెరగాలి. 80తో వెళ్లే కారు దాదాపు 107 అందుకోవాలి.

వెనక్కి వస్తే లెక్క తిరగబడుతుంది. 100తో వెళ్లే కారు 80కి దిగితే వేగం తగ్గింది 20 శాతమే, కానీ ప్రయాణ సమయం 25 శాతం పెరుగుతుంది. పొగమంచులోనో వానలోనో వేగం కాస్త తగ్గించినప్పుడు అనుకున్నదాని కన్నా ఎక్కువ ఆలస్యమైనట్టు అనిపించడం వట్టి భ్రమ కాదు.

ఔటర్ మీద ఒక చుట్టు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఈ లెక్కకు చక్కని చోటు. సిగ్నళ్లు లేవు, కూడళ్లు లేవు, పాదచారులకు, ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. చుట్టుకొలత 158 కిలోమీటర్లు. గంటకు 80 వేగంతో ఒక చుట్టు పూర్తి చేయడానికి దాదాపు 118 నిమిషాలన్నర పడుతుంది. 100 వేగంతో 95 నిమిషాలకు కాస్త తక్కువ. తేడా దాదాపు 24 నిమిషాలు, సరిగ్గా ఐదో వంతు.

2023లో ఈ రోడ్డు మీద గరిష్ఠ వేగ పరిమితిని 100 నుంచి 120కి పెంచారు. కిలోమీటర్లలో చూస్తే ఇది కూడా 20 పెరగడమే. కానీ 80 నుంచి 100 అయినప్పుడు పావు వంతు అయిన ఆ 20, ఇక్కడ ఐదో వంతే. 120తో చుట్టు పూర్తవడానికి 79 నిమిషాలు పడుతుంది. అంటే దాదాపు 16 నిమిషాలు కలిసొస్తాయి. మొదటి 20 కిలోమీటర్ల వేగం 24 నిమిషాలు ఇస్తే, రెండో 20 కిలోమీటర్ల వేగం 16 నిమిషాలే ఇచ్చింది.

పైగా ఔటర్‌ను పూర్తిగా చుట్టివచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. చాలామంది ఒక ఎగ్జిట్ దగ్గర ఎక్కి 20, 30 కిలోమీటర్ల తర్వాత దిగిపోతారు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ విమానాశ్రయం వైపు వెళ్లే కారు ఔటర్ మీద 24 కిలోమీటర్లు నడిచిందనుకుందాం. 100తో 14 నిమిషాల 24 సెకన్లు. 120తో 12 నిమిషాలు. కలిసొచ్చింది రెండున్నర నిమిషాల లోపే. టోల్ గేటు దగ్గర ముందు కారు ఫాస్టాగ్ చదవకపోతే ఆ రెండున్నర నిమిషాలూ అక్కడే ఖర్చవుతాయి.

స్పీడోమీటర్ చెప్పని సంగతి

కారులో ముందున్న ముల్లు గంటకు ఎన్ని కిలోమీటర్లో చెబుతుంది. ప్రయాణికుడికి కావాల్సింది ఇంకొకటి, ఈ పది కిలోమీటర్లకు ఎన్ని నిమిషాలు పడుతుందన్నది. ఈ రెండో లెక్కలోకి మారితే వేగం సంగతి వేరేగా కనిపిస్తుంది.

గంటకు 20 కిలోమీటర్లతో పాకే ట్రాఫిక్‌లో పది కిలోమీటర్లకు 30 నిమిషాలు. దాన్ని పావు వంతు పెంచి 25 చేస్తే 24 నిమిషాలు, ఆరు నిమిషాలు కలిసొచ్చాయి. 40 వేగంతో పది కిలోమీటర్లకు 15 నిమిషాలు. 50 చేస్తే 12, మూడు నిమిషాలు కలిసొచ్చాయి. 80తో ఏడున్నర నిమిషాలు, 100తో ఆరు, కలిసొచ్చింది నిమిషంన్నర. 100 నుంచి 125కు పెంచితే 4 నిమిషాల 48 సెకన్లు, కలిసొచ్చింది 72 సెకన్లు. ప్రతిసారీ పెంచింది పావు వంతే, ప్రతిసారీ తగ్గింది ఐదో వంతే. కానీ ఐదో వంతు దేనిలో అన్నదే అసలు ప్రశ్న. 30 నిమిషాల్లో ఐదో వంతు ఆరు నిమిషాలు, ఆరు నిమిషాల్లో ఐదో వంతు 72 సెకన్లు.

దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే నమ్మబుద్ధి కాని ఫలితం వస్తుంది. ఊరి మధ్య రోడ్డు మీద వేగం 40 నుంచి 50కి పెరగడం, హైవే మీద 80 నుంచి 130కి పెరగడం, ఈ రెండింటిలో పది కిలోమీటర్లకు ఎక్కువ సమయం ఆదా చేసేది ఏది? 130 వేగంతో పది కిలోమీటర్లకు 4 నిమిషాల 37 సెకన్లు పడుతుంది. 80తో పోల్చితే 2 నిమిషాల 53 సెకన్ల ఆదా. ఊళ్లో పది కిలోమీటర్ల వేగం పెంచితే వచ్చిన ఆదా మూడు నిమిషాలు. హైవే మీద ఏకంగా 50 కిలోమీటర్ల వేగం పెంచినా ఊరి రోడ్డును అందుకోలేకపోయింది.

మన అంచనాలు ఇక్కడే తప్పుతాయని స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఓలా స్వెన్సన్ దశాబ్దాల పరిశోధనలో చూపించారు. తక్కువ వేగం నుంచి పెంచినప్పుడు కలిసొచ్చే సమయాన్ని జనం తక్కువగా ఊహిస్తారు. ఎక్కువ వేగం నుంచి ఇంకా పెంచినప్పుడు కలిసొచ్చే సమయాన్ని ఎక్కువగా ఊహిస్తారు. పాత వేగానికీ కొత్త వేగానికీ మధ్య తేడానో, ఆ పెరుగుదల శాతాన్నో చూసుకుని సమయాన్ని అంచనా వేయడమే దీనికి కారణం. ఇజ్రాయెల్ పరిశోధకులు ఎయాల్ పీర్, ఎయాల్ గామ్లియెల్ దీనికొక విరుగుడు ప్రయత్నించారు. వేగంతో పాటు, నిర్ణీత దూరానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా చూపించే డయల్‌ను గీసి, దానికి పేసోమీటర్ అని పేరు పెట్టారు. అది చూసినవాళ్లు సమయాన్ని మరింత సరిగ్గా అంచనా వేశారు.

ఆ డయల్ మన కార్లలో లేకపోయినా ఇబ్బంది లేదు. 600ను వేగంతో భాగిస్తే పది కిలోమీటర్లకు పట్టే నిమిషాలు వస్తాయి. 60కి పది నిమిషాలు, 75కి ఎనిమిది, 100కి ఆరు, 120కి ఐదు.

విజయవాడ రోడ్డు మీద లెక్క

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 270 కిలోమీటర్లు. మధ్యలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర టోల్ ప్లాజాలు. ఈ దారిలో ఒక కారు ప్రయాణాన్ని ముక్కలుగా విడదీసి చూద్దాం. అంకెలు లెక్కకు అనువుగా ఉండేందుకు కాస్త గుండ్రంగా తీసుకున్నవి.

వేగంగా వెళ్లగలిగే ఖాళీ రోడ్డు 200 కిలోమీటర్లు అనుకుందాం. దాన్ని 80 వేగంతో దాటితే 150 నిమిషాలు. మిగతా 70 కిలోమీటర్లూ నెమ్మదిగా సాగేవి. ఇంటి నుంచి ఎల్బీ నగర్ చేరడం, హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటడం, దారిలో ఊళ్ల దగ్గర రోడ్డు దాటే మనుషులు, ట్రాక్టర్లు, టోల్ ప్లాజాలు, చివర్లో ఇబ్రహీంపట్నం, గొల్లపూడి మీదుగా విజయవాడలోకి ప్రవేశం. ఈ 70 కిలోమీటర్లకు సగటు వేగం 35 అనుకుంటే 120 నిమిషాలు. సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఒక అరగంట. మొత్తం 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు.

ఇప్పుడు డ్రైవరు ఖాళీ రోడ్డు మీద వేగాన్ని పావు వంతు పెంచి 100 చేశాడు. 150 నిమిషాలు 120 అయ్యాయి, అరగంట కలిసొచ్చింది. మిగతా 150 నిమిషాలు అలాగే ఉన్నాయి. మొత్తం ప్రయాణం 270 నిమిషాలకు దిగింది. వేగం 25 శాతం పెరిగినా ప్రయాణ సమయం 10 శాతమే తగ్గింది. డ్రైవరు ఆదా చేసిన అరగంట సరిగ్గా సూర్యాపేటలో కూర్చున్న అరగంటతో సమానం.

నిజానికి ఈ 10 శాతం కూడా ఉదారంగా వేసిన లెక్కే. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారు గరిష్ఠ వేగం 100. గరిష్ఠం 100 అయినప్పుడు సగటు 100 రాదు. కుడి వరుసలో ఒక లారీ ఇంకో లారీని మెల్లగా దాటుతుంటే వెనకున్న కారు 60కి దిగాల్సిందే. సగటు 80 నిలబెట్టుకోవడం తేలిక, ఆ పైన ప్రతి ఐదు కిలోమీటర్లకూ కష్టపడాలి. ముల్లు ఎక్కువసేపు 100 దగ్గరే ఉన్నా సగటు 95 వస్తే మంచి ప్రయాణం కిందే లెక్క. అప్పుడు 200 కిలోమీటర్లకు 126 నిమిషాలు పడుతుంది. కలిసొచ్చేది 30 కాదు, 24 నిమిషాలు.

మొత్తం ప్రయాణాన్ని నిజంగా 20 శాతం తగ్గించి నాలుగు గంటల్లో ముగించాలంటే? నెమ్మది ముక్క, టిఫిన్ కలిపి 150 నిమిషాలు పోగా ఖాళీ రోడ్డుకు మిగిలేది 90 నిమిషాలు. 200 కిలోమీటర్లను 90 నిమిషాల్లో దాటడానికి సగటు వేగం 133 కావాలి. చట్టం ఒప్పుకోదు, ఆ రోడ్డూ అందుకు తగినది కాదు.

ఇప్పుడు ఖాళీ రోడ్డును 80 దగ్గరే ఉంచి, నెమ్మదిగా సాగే 70 కిలోమీటర్ల మీద దృష్టి పెడదాం. ఎల్బీ నగర్ వైపు రద్దీ మొదలవకముందే, తెల్లవారుజామునే బయల్దేరడం వల్ల ఆ ముక్కలో సగటు 35 నుంచి పావు వంతు పెరిగి 44కు దగ్గరైందనుకుందాం. 120 నిమిషాలు 96 అవుతాయి, 24 నిమిషాలు కలిసొస్తాయి. హైవే మీద సగటును 95కు తీసుకెళ్లినా దక్కింది ఇంతే. అక్కడ 200 కిలోమీటర్ల పొడవునా కష్టపడి సాధించింది, ఇక్కడ 70 కిలోమీటర్లలో, ఎక్కడా 80 దాటకుండా వచ్చేసింది. కూడలి దగ్గర వంతెన కట్టడం, ఊరి బయట సర్వీస్ రోడ్డు వేయడం, టోల్ దగ్గర వరుస తగ్గించడం వేగ పరిమితి పెంచినంత పెద్ద వార్త కాకపోయినా ప్రయాణికుడికి ఎక్కువ నిమిషాలు తెచ్చిపెట్టేది అందుకే.

ఆ ఐదో వంతుకు చెల్లించేది

సమయం వేగంతో పాటు 20 శాతమే తగ్గుతుంది గానీ, ఖర్చులు అలా నింపాదిగా పెరగవు. కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం ఒకటింబావు రెట్లైతే శక్తి 1.25ను 1.25తో గుణించినంత, అంటే 1.56 రెట్లు. 56 శాతం ఎక్కువ. గాలి బండిని వెనక్కి తోసే బలం కూడా అంతే పెరుగుతుంది. 80 దాటాక పెట్రోలు ముల్లు త్వరగా దిగడానికి ముఖ్య కారణం ఇదే.

బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరమూ 56 శాతం పెరుగుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు, డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను, ఆ తర్వాత గట్టి బ్రేకు అనుకుని లెక్క వేద్దాం. 80తో వస్తున్న కారు ఆ ఒకటిన్నర సెకనులో 33 మీటర్లు వెళ్తుంది. బ్రేకు పడ్డాక ఇంకో 35 మీటర్లకు ఆగుతుంది. మొత్తం దాదాపు 69 మీటర్లు. 100తో వస్తున్న కారు బ్రేకు పడేలోపే 42 మీటర్లు వెళ్తుంది, తర్వాత 55 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 97 మీటర్లు.

28 మీటర్ల తేడా అంటే రెండు బస్సుల పొడవుకు పైమాటే. కానీ అసలు విషయం ఆ తేడాలో కాదు, 69వ మీటరు దగ్గర ఉంది. అక్కడ ఒక గేదె నిలబడి ఉందనుకుందాం. 80తో వచ్చిన కారు దాని ముందు ఆగిపోతుంది. 100తో వచ్చిన కారు అదే చోట, అంతే గట్టిగా బ్రేకు తొక్కి ఉన్నా, ఇంకా గంటకు 71 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. మొదట 20గా ఉన్న వేగం తేడా అక్కడికి వచ్చేసరికి 71 అయింది. బ్రేకు వేగాన్ని ఎక్కువగా తగ్గించేది చివరి మీటర్లలో. రెండో కారు ఆ చివరి మీటర్లకు ఇంకా చేరనే లేదు.

ఒక రోడ్డు మీద బండ్ల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విజయవాడ ప్రయాణంలో 24 నిమిషాల కోసం బేరం ఆడేటప్పుడు అవతలి పక్క ఉన్నది ఇదీ.

పట్టాల మీద

2022 సెప్టెంబరులో దక్షిణ మధ్య రైల్వే తన ముఖ్యమైన మార్గాల్లో గరిష్ఠ వేగాన్ని గంటకు 110 నుంచి 130 కిలోమీటర్లకు పెంచింది. అందులో సికింద్రాబాద్–కాజీపేట మార్గం ఒకటి. ఇది పావు వంతు కాదు, 18 శాతం పెరుగుదల. సమయంలో తగ్గగలిగేది 15 శాతం. ఆ రెండు స్టేషన్ల మధ్య దూరం 132 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా, మొదటి నుంచి చివరిదాకా 110తో నడిస్తే సరిగ్గా 72 నిమిషాలు. 130తో 61 నిమిషాలు. మొత్తం లాభం 11 నిమిషాలు.

ఈ 11 నిమిషాలు ఎంత తేలిగ్గా కరిగిపోతాయో లోకో పైలట్లకు తెలుసు. బయల్దేరే ముందు వాళ్ల చేతికి కాషన్ ఆర్డర్ వస్తుంది. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా వేగం తగ్గించాలో అందులో ఉంటుంది. పట్టాల కింద కంకర మార్చారనో, వంతెన మీద పని నడుస్తోందనో ఒక కిలోమీటరు మేర 30తో వెళ్లమని రాసి ఉంటే, ఆ కిలోమీటరు దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. 130తో అయితే 28 సెకన్లలో దాటేది. ఒక్కో చోట నిమిషంన్నర నష్టం. ఇలాంటివి దారిలో ఏడు ఉంటే 11 నిమిషాలూ పోయినట్టే.

కాగితం మీద ఏడు గానీ, నిజంగా ఇంకా తక్కువే చాలు. ఒక్కో బోగీ పొడవు దాదాపు 24 మీటర్లు. 22 బోగీల రైలు అర కిలోమీటరు దాటుతుంది. ఇంజను ఆ ముక్కను దాటేసినా చివరి బోగీ బయటికి వచ్చేదాకా వేగం పెంచకూడదు. కాబట్టి ఒక కిలోమీటరు ఆంక్ష నిజానికి ఒకటిన్నర కిలోమీటర్ల ఆంక్ష. దానికి ముందు వేగం తగ్గించుకుంటూ వచ్చిన దూరం, తర్వాత మళ్లీ 130 అందుకోవడానికి పట్టే దూరం అదనం.

స్టేషన్లలో ఆగడమూ అంతే. బ్రేకు వేసి ఆగడానికి రెండు నిమిషాలు, మళ్లీ పూర్తి వేగం అందుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టే రైలు, ఆ ఆరు నిమిషాల్లో పూర్తి వేగంతో వెళ్లగలిగిన దూరంలో సగమే వెళ్తుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడిన సమయం కాక ఇంకో మూడు నిమిషాల నష్టం. గరిష్ఠ వేగాన్ని పావు వంతు పెంచితే, ఆ వేగం నుంచి దిగడానికీ ఎక్కడానికీ పట్టే సమయం కూడా పావు వంతు పెరుగుతుంది. మూడు నిమిషాల నష్టం మూడు నిమిషాల ముప్పావు అవుతుంది. ఎక్కువ చోట్ల ఆగే రైలుకు గరిష్ఠ వేగం పెంచడం వల్ల పెద్దగా కలిసిరాకపోవడానికి కారణం ఇదే.

వందే భారత్ విషయంలో ఈ లెక్కలన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. 2023 జనవరి 15న విశాఖపట్నం–సికింద్రాబాద్ మధ్య ఈ రైలు మొదలైనప్పుడు మధ్యలో రాజమండ్రి, విజయవాడ, ఖమ్మం, వరంగల్‌లో మాత్రమే ఆగేది. 699 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు, అంటే 510 నిమిషాలు. సగటు వేగం 82. దారంతా 130తో నడిచే వీలుంటే 323 నిమిషాల్లో చేరాలి. మిగతా 187 నిమిషాలు ఆగడానికి, వేగం అందుకోవడానికి, మలుపులకు, ఆంక్షలకు, ముందున్న రైళ్ల వెనక మెల్లగా నడవడానికి, ఆలస్యాలను సర్దుకోవడానికి టైంటేబుల్లో వదిలిన వ్యవధికి పోతున్నాయి.

ఈ మార్గంలో గరిష్ఠ వేగాన్ని 160కి పెంచారనుకుందాం. అది దాదాపు పావు వంతు పెరుగుదల. 323 నిమిషాలు 262 అవుతాయి. మిగతా 187 ఏమీ పెరగకుండా ఉన్నా మొత్తం ప్రయాణం 510 నుంచి 449కి దిగుతుంది. తగ్గేది 12 శాతం. దానికి పట్టాల పక్కన కంచె, బలమైన ట్రాక్, మారిన సిగ్నళ్లు, లెవెల్ క్రాసింగుల తొలగింపు, ఇవన్నీ కావాలి. అదే 187 నిమిషాల్లో ఐదో వంతు తగ్గించగలిగితే, 130ని ముట్టుకోకుండానే 37 నిమిషాలు వస్తాయి. కాజీపేట–విజయవాడ మధ్య మూడో లైను పనులు పని చేసేది ఈ రెండో లెక్క మీద. గూడ్సు రైలు పక్క లైనులోకి జరిగితే దాని వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్ 60కి దిగాల్సిన పని ఉండదు. ఆ మేలు వందే భారత్‌తో పాటు ఆ దారిన నడిచే ప్రతి ప్యాసింజరు రైలుకూ అందుతుంది.